ఒక్క రోజు ఆలస్యానికి రెండు నెలల వడ్డీ: టీడీఎస్‌లో నెలల లెక్క, రోజుల లెక్క

ఇతరులకు డబ్బు చెల్లించేటప్పుడే అందులోంచి కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను టీడీఎస్. నవంబర్ 7లోగా కట్టాల్సిన టీడీఎస్‌ను 8న కట్టారు. ఆలస్యం ఒక్క రోజు. కొన్నాళ్లకు ఆదాయపు పన్ను శాఖ నుంచి వచ్చిన ఇంటిమేషన్‌లో వడ్డీ 3 శాతం అని ఉంటుంది. అదే ఇంటిమేషన్‌లో ఇంకో వరుసలో ఆలస్య రుసుము రోజుకు రూ.200 చొప్పున వేసి ఉంటుంది. ఒకచోట నెలలు లెక్కపెట్టారు, ఇంకోచోట రోజులు. వడ్డీ లెక్క ఒక తేదీ నుంచి మొదలైతే రుసుము లెక్క మరో తేదీ నుంచి మొదలైంది. చిన్న సంస్థల్లో అకౌంట్లు చూసేవాళ్లకు టెన్షన్ పెట్టేది ఎక్కువగా ఈ కాగితమే.

ఈ రెండూ ఎలా పుడతాయో, ఎలా పెరుగుతాయో ఒక త్రైమాసికం లెక్కతో చూద్దాం. ఉదాహరణ 2024-25 ఆర్థిక సంవత్సరానిది, కాబట్టి సెక్షన్లన్నీ 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో ఆ తర్వాతి కాలానికి సెక్షన్ నంబర్లు మారాయి. పాత త్రైమాసికాలపై వచ్చే నోటీసుల్లో మాత్రం ఇక్కడ చెప్పే నంబర్లే కనిపిస్తాయి.

## వడ్డీ డబ్బు ఆలస్యానికి, రుసుము కాగితం ఆలస్యానికి

టీడీఎస్ కోసే సంస్థకు రెండు వేర్వేరు బాధ్యతలుంటాయి. మొదటిది, కోసిన పన్నును ప్రభుత్వ ఖాతాలో జమ చేయడం. ప్రైవేటు సంస్థలకు దీని గడువు మరుసటి నెల 7వ తేదీ. మార్చిలో కోసినదానికి మాత్రం ఏప్రిల్ 30 వరకు సమయం ఉంటుంది. రెండోది, ఎవరి దగ్గర ఎంత కోశాం, ఏ చలానాతో కట్టాం అనే వివరాలతో మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ దాఖలు చేయడం. దీన్నే అందరూ టీడీఎస్ రిటర్న్ అంటారు. జీతాలకు 24క్యూ, దేశంలో ఉండేవారికి చేసే ఇతర చెల్లింపులకు 26క్యూ. వీటి గడువులు వరుసగా జూలై 31, అక్టోబర్ 31, జనవరి 31, మే 31.

మొదటి బాధ్యత తప్పితే సెక్షన్ 201(1ఎ) కింద వడ్డీ పడుతుంది. రెండోది తప్పితే సెక్షన్ 234ఇ కింద రుసుము. రిటర్న్ ఎంత ఆలస్యమైనా డబ్బు సకాలంలో కట్టి ఉంటే పైసా వడ్డీ ఉండదు. అలాగే డబ్బు ఆలస్యంగా కట్టినా రిటర్న్ గడువులోగా వేస్తే రుసుము ఉండదు. "రిటర్న్ లేటు, అందుకే వడ్డీ వేశారు" అనే మాట తరచూ వినిపిస్తుంది కానీ టీడీఎస్ విషయంలో అది సరి కాదు. ఈ అయోమయానికి మిగతా పన్నులూ కొంత కారణం. సొంత ఆదాయపు పన్ను రిటర్న్ ఆలస్యమైతే, కట్టాల్సిన పన్ను మిగిలి ఉన్నప్పుడు సెక్షన్ 234ఎ కింద నెలకు 1 శాతం వడ్డీ రిటర్న్ గడువు నుంచే నడుస్తుంది. జీఎస్టీలో వడ్డీ ఏడాదికి 18 శాతం చొప్పున రోజుల లెక్కన పడుతుంది. ఒకే అకౌంటెంట్ ఈ మూడింటినీ చూస్తున్నప్పుడు ఒకదాని అలవాటు ఇంకోదానిలోకి జారిపోవడం మామూలే.

201(1ఎ)లో మళ్లీ రెండు రేట్లున్నాయి. కోయాల్సిన రోజున కోయకపోతే, కోయాల్సిన తేదీ నుంచి కోసిన తేదీ వరకు నెలకు 1 శాతం. కోసి కూడా గడువులోగా కట్టకపోతే, కోసిన తేదీ నుంచి కట్టిన తేదీ వరకు నెలకు 1.5 శాతం. అవతలివారి డబ్బు చేతిలో పెట్టుకున్నారు కాబట్టి రెండో రేటు ఎక్కువ. రెండింటికీ వర్తించే షరతు ఒకటుంది: నెలలో కొంత భాగమైనా పూర్తి నెలే.

ఇక్కడ చాలామంది దాటిపోయే విషయం ఏమిటంటే, 1.5 శాతం వడ్డీ గడువు తేదీ నుంచి కాక కోసిన తేదీ నుంచి మొదలవుతుంది. 7వ తేదీలోగా కడితే వడ్డీ లేదు. 7 దాటిందంటే ఆ వెసులుబాటు లేనట్టే, లెక్క వెనక్కి వెళ్లి కోసిన రోజు నుంచి మొదలవుతుంది.

## ఒక త్రైమాసికం, మూడు కోతలు

విజయవాడలో ఒక చిన్న భాగస్వామ్య సంస్థ ఉందనుకుందాం. 2024 అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, అంటే మూడో త్రైమాసికంలో, ఆ సంస్థ మూడు చెల్లింపులపై టీడీఎస్ కోయాల్సి వచ్చింది.

మొదటిది ఆర్కిటెక్ట్ ఫీజు రూ.4,00,000. అక్టోబర్ 25న బిల్లు ఖాతాలోకి ఎక్కించి, అదే రోజు 10 శాతం లెక్కన రూ.40,000 కోశారు. నవంబర్ 7లోగా కట్టాలి, 8న కట్టారు.

రెండోది మరో సంస్థకు ఇచ్చిన కాంట్రాక్టు పని బిల్లు రూ.3,00,000. డిసెంబర్ 2న 2 శాతం లెక్కన రూ.6,000 కోశారు. జనవరి 7 గడువు దాటిపోయి, 2025 ఫిబ్రవరి 3న కట్టారు.

మూడోది ఒక కన్సల్టెంట్ ఫీజు రూ.50,000. అక్టోబర్ 18న బిల్లు ఖాతాలో రాశారు కానీ 10 శాతం, అంటే రూ.5,000 కోయడం మరిచారు. డిసెంబర్ 10న గుర్తించి కోశారు. దీన్ని కూడా ఫిబ్రవరి 3నే కట్టారు.

26క్యూ గడువు 2025 జనవరి 31. దాఖలు చేసింది మార్చి 20న.

## నెలల లెక్క: వడ్డీ ఎంతైంది

టీడీఎస్ రిటర్నులను ప్రాసెస్ చేసే కేంద్రం, అంటే ట్రేసెస్ పోర్టల్ వెనుక ఉండే యంత్రాంగం, నెలను క్యాలెండర్ నెలగా చూస్తుంది. కోసిన తేదీ ఏ నెలలో ఉంటే అది ఒకటి, కట్టిన తేదీ ఏ నెలలో ఉంటే అది ఇంకొకటి, మధ్యలో ఉన్నవన్నీ ఒక్కొక్కటి.

ఆర్కిటెక్ట్ ఫీజు సంగతి చూడండి. కోసింది అక్టోబర్‌లో, కట్టింది నవంబర్‌లో. అక్టోబర్‌లో మిగిలిన వారం ఒక నెల, నవంబర్‌లోని ఎనిమిది రోజులు ఇంకో నెల. రెండు నెలలకు 3 శాతం, రూ.40,000 మీద రూ.1,200. డబ్బు సంస్థ దగ్గర ఉన్నది రెండు వారాలు, గడువు దాటింది ఒక్క రోజు.

కాంట్రాక్టు బిల్లుకు డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి కలిపి మూడు నెలలు. 4.5 శాతం లెక్కన రూ.6,000 మీద రూ.270.

కన్సల్టెంట్ ఫీజుకు రెండు ముక్కలుగా వేయాలి. కోయని కాలం అక్టోబర్ 18 నుంచి డిసెంబర్ 10 వరకు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ మూడు నెలలకు 1 శాతం చొప్పున రూ.150. కోసి కట్టని కాలం డిసెంబర్ 10 నుంచి ఫిబ్రవరి 3 వరకు. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి మూడు నెలలకు 1.5 శాతం చొప్పున రూ.225. మొత్తం రూ.375. డిసెంబర్ నెల రెండు ముక్కల్లోనూ కనబడుతుంది, ఒకసారి 1 శాతానికి, ఇంకోసారి 1.5 శాతానికి. పొరపాటున రెండుసార్లు లెక్కేశారని దీన్ని చూసి అనుకుంటారు. కానీ ఆ రెండూ వేర్వేరు తప్పులకు వేర్వేరు వడ్డీలు. ప్రతిదానిలోనూ డిసెంబర్‌లో కొంత భాగం ఉంది కాబట్టి ప్రతిదానికీ పూర్తి నెల పడింది.

మూడూ కలిపితే వడ్డీ రూ.1,845.

ఈ పద్ధతిలో తేదీల విలువ సమానంగా ఉండదు. ఆర్కిటెక్ట్ ఫీజు టీడీఎస్‌ను నవంబర్ 8న కట్టినా, 30న కట్టినా వడ్డీ అదే రూ.1,200. డిసెంబర్ 1కి జరిగితే మూడో నెల చేరి రూ.1,800 అవుతుంది. అంటే గడువు తప్పాక మధ్యలో ఉన్న రోజులకు విలువ లేదు, నెల మారే రాత్రికే ఉంది. అక్టోబర్ 1న కోసినా, 31న కోసినా నవంబర్ 8న కడితే రెండు నెలలే పడుతుంది. మొదటివారు 38 రోజులు డబ్బు ఉంచుకున్నారు, రెండోవారు 8 రోజులు.

## నెల అంటే ఏమిటన్న తగువు

ఈ అసమానత మీద వివాదం నడిచింది, రెండు వైపులా వాదన బలంగానే ఉంది. ఆదాయపు పన్ను చట్టంలో నెల అనే మాటకు నిర్వచనం లేదు. అలాంటప్పుడు జనరల్ క్లాజెస్ చట్టం చూడాలి, అందులో నెల అంటే బ్రిటిష్ క్యాలెండర్ ప్రకారం లెక్కించే నెల అని ఉంది. శాఖ వాదన ఇక్కడి నుంచే వస్తుంది: అక్టోబర్ ఒక నెల, నవంబర్ ఒక నెల, రెండింటిలోనూ భాగం ఉంది కాబట్టి రెండు నెలలు. లక్షల సంఖ్యలో వచ్చే రిటర్నులను కంప్యూటర్‌తో ఒకే తీరున లెక్కవేయడానికి ఇది అనువు కూడా.

వ్యతిరేక వాదన ప్రకారం, వడ్డీ అనేది డబ్బు ఆగిపోయిన కాలానికి పరిహారం. కాబట్టి నెలను ఎక్కడ మొదలైతే అక్కడి నుంచే కొలవాలి. అక్టోబర్ 25న మొదలైన నెల నవంబర్ 24న ముగుస్తుంది, నవంబర్ 8న కడితే ఆ ఒక్క నెలలోనే కట్టినట్టు. గుజరాత్ హైకోర్టు 2011లో అరవింద్ మిల్స్ కేసులో నెలను సాధారణ అర్థంలో 30 రోజుల కాలంగానే తీసుకోవాలంది. హైదరాబాద్ ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునల్ కూడా 2015లో నవయుగ క్వాజీగుండ్ ఎక్స్‌ప్రెస్‌వే కేసులో 201(1ఎ) వడ్డీకి ఇదే దారి పట్టింది.

మన ఉదాహరణను ఈ పద్ధతిలో వేసి చూస్తే తేడా ఎక్కడ వస్తుందో అర్థమవుతుంది. ఆర్కిటెక్ట్ ఫీజుకు 14 రోజులు, అంటే ఒక నెల, రూ.600. కాంట్రాక్టు బిల్లుకు డిసెంబర్ 2 నుంచి ఫిబ్రవరి 3 వరకు 63 రోజులు. రెండు నెలలు దాటింది కాబట్టి మూడు నెలలే, రూ.270లో మార్పు లేదు. కన్సల్టెంట్ ఫీజులో మొదటి ముక్క 53 రోజులు, రెండోది 55 రోజులు. రెండింటికీ రెండేసి నెలలు, రూ.100, రూ.150. మొత్తం రూ.1,120. క్యాలెండర్ లెక్కతో పోలిస్తే రూ.725 తక్కువ, అందులో రూ.600 ఆ ఒక్క రోజు ఆలస్యం దగ్గరే. ఈ తగువంతా నెలాఖరుకు దగ్గర్లో కోసి, గడువు కాస్త దాటాక కట్టినవాళ్లదే అని దీన్ని బట్టి తెలుస్తుంది. ఆలస్యం రెండు మూడు నెలలకు పాకితే రెండు పద్ధతులకూ మధ్య తేడా మహా అయితే ఒక నెల.

నాకు రెండో వాదనే న్యాయంగా కనిపిస్తుంది. కానీ ట్రేసెస్ లెక్క క్యాలెండర్ నెలలతోనే సాగుతుంది. రెండో పద్ధతిలో తక్కువ కట్టి రిటర్న్ వేస్తే మిగతాదానికి డిమాండ్ వస్తుంది, అప్పుడు అప్పీలుకు వెళ్లాలి. రూ.725 కోసం అప్పీలుకు వెళ్లేవాళ్లు అరుదు. కోతలు కోట్లలో ఉన్న సంస్థలకు మాత్రం ఇది లెక్కలోకి తీసుకోదగ్గ మొత్తమే, ఆ కేసులు పైదాకా వెళ్లిందీ అందుకే.

## రోజుల లెక్క: రుసుము ఎంతైంది

రుసుము దగ్గర నెలల ప్రసక్తే ఉండదు. గడువు ముగిసిన మరుసటి రోజు నుంచి రిటర్న్ దాఖలైన రోజు వరకు రోజుకు రూ.200. మన సంస్థకు గడువు జనవరి 31, లెక్క ఫిబ్రవరి 1న మొదలవుతుంది. 2025 ఫిబ్రవరిలో 28 రోజులు, మార్చిలో 20. మొత్తం 48 రోజులకు రూ.9,600.

ఈ రుసుముకు ఒక పరిమితి ఉంది: ఆ రిటర్న్‌కు సంబంధించిన టీడీఎస్ మొత్తాన్ని మించకూడదు. మన సంస్థకు అది రూ.51,000. రోజుకు రూ.200 లెక్కన ఆ మొత్తం చేరడానికి 255 రోజులు పడుతుంది, అంటే రిటర్న్ వేయకుండా వదిలేస్తే 2025 అక్టోబర్ 13 దాకా మీటర్ తిరుగుతూనే ఉండేది. అదే త్రైమాసికం మొత్తంలో కాంట్రాక్టు బిల్లు ఒక్కటే ఉండి ఉంటే పరిమితి రూ.6,000. 30 రోజుల్లో, అంటే మార్చి 2 నాటికి నిండిపోయేది. ఆపైన మార్చి 20న వేసినా, జూన్‌లో వేసినా రుసుము రూ.6,000 దగ్గరే ఆగుతుంది. చిన్న మొత్తాలు కోసేవారికి ఇది ఊరటలా కనిపించినా, నిష్పత్తిలో చూస్తే కోసిన టీడీఎస్‌కు సమానమైన రుసుము పడేది వాళ్లకే.

డబ్బు ఎప్పుడు కట్టారన్నది రుసుముకు సంబంధం లేని విషయం. మూడు కోతల టీడీఎస్‌నూ గడువులోగానే కట్టి ఉన్నా ఈ రూ.9,600 తప్పేది కాదు. పరిమితి కూడా ఒక్కో ఫారానికి విడివిడిగా ఉంటుంది. అదే త్రైమాసికంలో జీతాలపై కోసిన టీడీఎస్ కూడా ఉండి 24క్యూ ఆలస్యమైతే, దానికి ఇంకో రూ.200 రోజువారీగా పడుతుంది.

మొత్తం మీద ఈ సంస్థ రూ.51,000 టీడీఎస్ మీద వడ్డీగా రూ.1,845, రుసుముగా రూ.9,600 కలిపి రూ.11,445 అదనంగా కట్టాలి. అందులో ఐదు వంతుల్లో నాలుగుకు పైగా రుసుమే. అందరూ వడ్డీ శాతం చూసి కంగారుపడతారు కానీ, కోసే మొత్తాలు చిన్నవైనప్పుడు అసలు బరువంతా రోజుల లెక్కదే.

## ఇది శిక్షా, రుసుమా

డబ్బు మొత్తం ఖజానాకు చేరాక కేవలం వివరాలు ఆలస్యమైనందుకు ఇంత వసూలు చేయడమేమిటన్న ప్రశ్న సహజం. 234ఇ 2012 జూలై 1న అమల్లోకి వచ్చినప్పటి నుంచీ ఈ ప్రశ్న ఉంది. ఆలస్యానికి సరైన కారణం ఉందని చెప్పి మినహాయింపు అడిగే వీలు ఆ సెక్షన్‌లో లేదు. రుసుము అన్నాక ప్రతిగా ఏదో సేవ ఉండాలి, ఇక్కడ ఏ సేవా లేదు కాబట్టి ఇది ముసుగేసుకున్న జరిమానా అన్నది వ్యాపారుల వాదన.

బొంబాయి హైకోర్టు 2015లో రష్మికాంత్ కుండాలియా కేసులో దీన్ని ఒప్పుకోలేదు. టీడీఎస్ రిటర్న్ రాకపోతే పన్ను కోయించుకున్న వ్యక్తి ఖాతాలో ఆ క్రెడిట్ కనబడదు. ఆయన రిటర్న్ సరిగా ప్రాసెస్ కాదు, రిఫండ్ ఆగుతుంది, శాఖకు అదనపు పని పడుతుంది. ఆ అదనపు పనికి తీసుకునేదే ఈ రుసుము అని చెబుతూ సెక్షన్ చెల్లుతుందని తీర్పిచ్చింది. మన ఉదాహరణలోని ఆర్కిటెక్ట్ వైపు నుంచి చూస్తే ఈ మాటలో పస ఉంది. ఆయన దగ్గర రూ.40,000 అక్టోబర్‌లోనే కోశారు, కానీ మార్చి 20న రిటర్న్ వేసేదాకా, ఆయన పేరున కోసిన పన్ను వివరాలుండే ఫారం 26ఏఎస్‌లో అది కనబడదు.

ఇంకో తగువు పాత కాలానికి సంబంధించింది. రిటర్న్ ప్రాసెస్ చేసేటప్పుడు ఈ రుసుమును కలిపే అధికారాన్ని సెక్షన్ 200ఎలో 2015 జూన్ 1 నుంచి చేర్చారు. అంతకు ముందటి కాలానికి ఇలా ఇంటిమేషన్ ద్వారా వసూలు చేయడం చెల్లదని కర్ణాటక హైకోర్టు ఫతేరాజ్ సింఘ్వి కేసులో అంటే, చెల్లుతుందని గుజరాత్ హైకోర్టు రాజేశ్ కౌరానీ కేసులో అంది. ఆ తర్వాతి త్రైమాసికాలకు ఈ వాదన పనిచేయదు.

జరిమానా వేరే ఉంది. సెక్షన్ 271హెచ్ కింద రూ.10,000 నుంచి రూ.1,00,000 వరకు వేయవచ్చు. పన్ను, వడ్డీ, రుసుము కట్టేసి గడువు తేదీ నుంచి ఏడాదిలోగా రిటర్న్ వేస్తే ఈ జరిమానా ఉండేది కాదు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ ఏడాదిని ఒక నెలకు కుదించారు. మార్చి 20న వేసిన మన సంస్థ పాత నిబంధన నీడలో బయటపడింది. ఆ మార్పు తర్వాత అదే 48 రోజుల ఆలస్యం జరిగితే జరిమానా నోటీసుకు అవకాశం ఉంటుంది. ఎందుకు ఆలస్యమైందో చెప్పుకునే వీలు మాత్రం ఇక్కడ ఉంది.

## ఇంటిమేషన్‌లో లెక్క తేడా వస్తే

చట్టం ప్రకారం వడ్డీ, రుసుము రెండూ రిటర్న్ వేయడానికి ముందే కట్టాలి. కట్టకుండా వేస్తే సెక్షన్ 200ఎ ఇంటిమేషన్‌లో డిమాండ్‌గా వస్తాయి. దేనికి ఎంత వేశారో ట్రేసెస్‌లో దొరికే జస్టిఫికేషన్ రిపోర్టులో వరుసల వారీగా ఉంటుంది. ఆలస్యంగా కోసినందుకు వడ్డీ ఒకచోట, ఆలస్యంగా కట్టినందుకు వడ్డీ ఇంకోచోట, రుసుము వేరేగా.

రుసుములో తప్పు దొర్లడం అరుదు, ఎందుకంటే గడువు తేదీ, దాఖలు తేదీ రెండూ శాఖ దగ్గరే ఉంటాయి. వడ్డీ లెక్క మాత్రం మనం రిటర్న్‌లో నింపిన తేదీల మీద నడుస్తుంది. కోసిన తేదీలో నెల తప్పుపడితే లెక్కంతా మారిపోతుంది. కన్సల్టెంట్ విషయంలో డిసెంబర్ 10 బదులు నవంబర్ 10 అని పడిందనుకోండి. 1 శాతం ముక్క రెండు నెలలకు తగ్గి రూ.100 అవుతుంది, 1.5 శాతం ముక్క నాలుగు నెలలకు పెరిగి రూ.300 అవుతుంది. రూ.375 రావాల్సిన చోట రూ.400 కనబడుతుంది. ఇంకో రకం తప్పు ఒకే మొత్తానికి కట్టిన రెండు చలానాలు ఉన్నప్పుడు జరుగుతుంది. నవంబర్ చలానాకు తగిలించాల్సిన కోతను ఫిబ్రవరి చలానాకు తగిలిస్తే, ఎప్పుడో కట్టిన డబ్బుకు అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఐదు నెలల వడ్డీ పడుతుంది. రిపోర్టులో ఆ కోత ఎదురుగా ఉన్న జమ తేదీని మన దగ్గరున్న చలానా మీది తేదీతో పోల్చితే ఇది బయటపడుతుంది. ఈ రెండు రకాల తప్పులనూ కరెక్షన్ స్టేట్‌మెంట్ వేసి సరిదిద్దవచ్చు, అప్పుడు డిమాండ్ తిరిగి లెక్కించి తగ్గిస్తారు.

డిమాండ్ సరైనదే అయితే 30 రోజుల్లో కట్టాలి. అది దాటితే సెక్షన్ 220(2) కింద ఆ డిమాండ్ మీద నెలకు 1 శాతం వడ్డీ మొదలవుతుంది. అక్కడా నెలలో భాగమైనా పూర్తి నెలే.